పగిలినా శక్తే, కలిసినా శక్తే: ఒక్క పరమాణువు లెక్క

ప్రశ్న: "ఫిషన్‌లో పెద్ద పరమాణువు పగిలితే శక్తి వస్తుంది, ఫ్యూజన్‌లో చిన్నవి కలిస్తే శక్తి వస్తుంది అంటారు. ఒకటి రెండోదానికి తిరగేసిన పనే కదా, మరి రెండింట్లోనూ శక్తి ఎలా వస్తుంది? పైగా బొగ్గు కాల్చినప్పటికంటే ఒక్కో పరమాణువుకి కోట్ల రెట్లు ఎక్కువ అంటారు. అంత తేడా ఎక్కడిది?"

జవాబు:

ఫిషన్‌ని తెలుగులో విచ్ఛిత్తి అనీ, ఫ్యూజన్‌ని సంలీనం అనీ అంటాం. ఇవి ఒకే పరమాణువు మీద ముందుకీ వెనక్కీ చేసే పనులు కావండి. విచ్ఛిత్తి జరిగేది యురేనియం లాంటి బాగా బరువైన కేంద్రకాల్లో. సంలీనం జరిగేది హైడ్రోజన్ లాంటి బాగా తేలికైన వాటిలో. ఈ రెండు చివరల మధ్యలో ఇనుము, నికెల్ ఉన్నాయి. అన్నిటికంటే గట్టిగా అతుక్కుని ఉండే కేంద్రకాలు అవే. బరువైన వైపు నుంచి పగిలి వచ్చినా, తేలిక వైపు నుంచి కలిసి వచ్చినా జరుగుతున్నది ఇనుము వైపుకే. అందుకే రెండు దారుల్లోనూ శక్తి బయటికి వస్తుంది.

కోట్ల రెట్ల తేడాకి ముఖ్య కారణం దూరం. మంటలో స్థానం మార్చుకునేవి పరమాణువు అంచుల్లో తిరిగే ఎలక్ట్రాన్లు. విచ్ఛిత్తిలో విడిపోయేవి అంతకంటే కొన్ని వేల రెట్లు దగ్గరగా కుక్కి ఉన్న ప్రోటాన్లు, అదీ ఒకటీ రెండూ కాదు, పదులకొద్దీ. ఈ వాక్యాన్నే అంకెలతో చూపిస్తాను. చూశాక ఇందులో వింత ఏమీ మిగలదు.

నేను కొత్తగూడెం వైపు ఒక డిగ్రీ కాలేజీలో 28 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. నా క్లాసులో సగం మంది తండ్రులు బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు. బొగ్గుకీ యురేనియానికీ ఉన్న తేడా వాళ్లకి ఇంటి విషయం లాంటిది, కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వచ్చేది. మొదటి రెండు మూడేళ్లు నేను చెప్పిన జవాబులో ఒక తప్పు ఉండేది. మీ ప్రశ్నలో కూడా అదే దాగి ఉంది అనిపిస్తోంది కాబట్టి దానితో మొదలుపెడతాను.

బంధం తెగితే శక్తి రాదు. బంధం ఏర్పడితేనే వస్తుంది.

"కేంద్రకంలో బంధన శక్తి దాగి ఉంటుంది, పగలగొడితే అది బయటికి వస్తుంది" అని నేను బోర్డు మీద రాసేవాణ్ణి. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "సార్, కెమిస్ట్రీలో బంధం తెంచడానికి శక్తి ఇవ్వాలని చెప్పారు, ఇక్కడ తెంచితే వస్తుందంటున్నారేంటి?" అని అడిగింది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. బంధన శక్తి అంటే డబ్బాలో దాచిన సరుకు కాదు. ఆ కణాలు ఒక్కచోట చేరినప్పుడు ఇప్పటికే బయటికి పోయిన శక్తి అది. మళ్లీ విడదీయాలంటే అంతా తిరిగి కట్టాలి. కాబట్టి బంధన శక్తి ఎక్కువ ఉన్న కేంద్రకం అంటే లోతుకి దిగిపోయిన కేంద్రకం అన్నమాట.

చెరువు అడుగుని ఊహించుకోండి. కట్ట వైపు ఏటవాలు నిటారుగా ఉంటుంది. అటు శిఖం వైపు నేల మెల్లగా, చాలా దూరం వాలుతూ వస్తుంది. అన్నిటికంటే లోతు తూము దగ్గర. కట్ట మీద నుంచి రాయి దొర్లించినా, శిఖం వైపు నుంచి నీళ్లు వదిలినా చేరేది తూము దగ్గరికే. హైడ్రోజన్ ఉండేది కట్ట మీద. యురేనియం ఉండేది శిఖం అంచున. తూము దగ్గర ఇనుము, నికెల్. కట్ట వైపు దిగితే కొద్ది అడుగుల్లోనే చాలా లోతుకి పోతారు, అది సంలీనం. శిఖం వైపు ఎంతో దూరం నడిస్తే కాస్త దిగుతారు, అది విచ్ఛిత్తి.

ఆ లోతులు కొలవడానికి ఎలక్ట్రాన్ వోల్ట్ అనే చిన్న కొలత వాడతాం. కేంద్రకాల విషయంలో పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక కొలత, దాన్ని ఎం.ఇ.వి. అంటాం. యురేనియంలో ఒక్కో కణం, అంటే ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ, సగటున 7.6 ఎం.ఇ.వి. లోతులో ఉంటుంది. యురేనియం పగిలి వచ్చే ముక్కల్లో అది సుమారు 8.5. తేడా 0.9. చిన్నదే, కానీ కేంద్రకంలో 235 కణాలు ఉన్నాయి. గుణిస్తే 200 పైచిలుకు వస్తుంది. ఒక్క యురేనియం విచ్ఛిత్తికి సుమారు 200 ఎం.ఇ.వి. అని పుస్తకాల్లో రాసే అంకె ఇదే.

సంలీనంలో ఎక్కువగా చెప్పుకునేది డ్యుటీరియం, ట్రిటియం కలయిక. రెండూ హైడ్రోజన్ రకాలే. మొత్తం బంధన శక్తి డ్యుటీరియంలో 2.2 ఎం.ఇ.వి., ట్రిటియంలో 8.5. రెండూ కలిసి హీలియం అయ్యాక 28.3. ఒక న్యూట్రాన్ మిగిలి బయటికి పోతుంది, అది ఒంటరిది కాబట్టి దాని బంధన శక్తి సున్నా. 28.3 లోంచి 10.7 తీసేస్తే 17.6. అంటే ఒక్క కలయికకి 17.6 ఎం.ఇ.వి.

చాలామందిని తికమక పెట్టే చోటు ఇదే. సంలీనం విచ్ఛిత్తికంటే శక్తిమంతం అని విని ఉంటారు. ఒక్కో ఘటన చూస్తే విచ్ఛిత్తిదే పైచేయి, 200 ఎక్కడ, 17.6 ఎక్కడ. కానీ అక్కడ పాల్గొన్నవి 236 కణాలు, వచ్చిన న్యూట్రాన్‌తో కలిపి. ఇక్కడ పాల్గొన్నవి 5. ఒక్కో కణానికి పంచితే విచ్ఛిత్తిలో 0.85, సంలీనంలో 3.5. కిలో లెక్కన సంలీనం సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. ఎవరైనా "ఏది ఎక్కువ" అని అడిగితే ముందు పరమాణువుకా, కిలోకా అని తేల్చుకోవాలి.

ఇప్పుడు బొగ్గు. ఒక కార్బన్ పరమాణువు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయితే వచ్చేది సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎం.ఇ.వి. కాదు, ఉత్త ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియంది 20 కోట్లు. భాగిస్తే 5 కోట్ల రెట్లు.

ఆ 5 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

దీనికి నాకు తెలిసినంతలో అత్యంత చక్కని సమాధానం 1938 క్రిస్మస్ సమయంలో స్వీడన్‌లో, కుంగెల్వ్ అనే ఊరి బయట మంచులో దొరికింది. లీజ్ మైట్నర్ ఆ ఏడాది జూలైలో నాజీల నుంచి తప్పించుకుని జర్మనీ వదిలి వచ్చింది. బెర్లిన్‌లో ఆమెతో కలిసి పనిచేసిన ఒట్టో హాన్ ఉత్తరం రాశాడు. తాను, స్ట్రాస్‌మన్ కలిసి యురేనియం మీదికి న్యూట్రాన్లు పంపితే బేరియం కనిపించిందని, దానికి కారణం అంతుపట్టడం లేదని అందులో ఉంది. బేరియం యురేనియంలో సగం కంటే కాస్త పెద్దది మాత్రమే. అప్పటిదాకా కేంద్రకం నుంచి ఒక చిన్న పెచ్చు ఊడటం చూశారు గానీ, రెండుగా చీలుతుందని దాదాపు ఎవరూ ఊహించలేదు.

మైట్నర్ అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కూడా భౌతిక శాస్త్రవేత్తే, సెలవులకి ఆమె దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ మంచులో నడుస్తూ మాట్లాడుకుని, ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్క వేశారు. కేంద్రకం నీటి బొట్టులా సాగి, మధ్యలో సన్నబడి, రెండు బొట్లుగా తెగితే? ఆ రెండూ ధనావేశం ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ తోపులో వచ్చే శక్తి ఎంత? సుమారు 200 ఎం.ఇ.వి. అని తేలింది. మైట్నర్ ఇంకో దారిలో, ద్రవ్యరాశుల తేడా నుంచి లెక్క కట్టింది. ముక్కలు రెండూ కలిపినా ప్రోటాన్ బరువులో ఐదో వంతు తక్కువ వస్తోంది. దాన్ని శక్తిగా మారిస్తే అదీ సుమారు 200 ఎం.ఇ.వి. రెండు వేర్వేరు దారులు ఒకే అంకె దగ్గర కలిశాయి. ఈ కథ చెప్పిన రోజు నా క్లాసులో ఎప్పుడూ మాటలు ఆగిపోయేవి. 1944 రసాయన శాస్త్ర నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారన్నది నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి.

ఆ మొదటి లెక్కని మనమూ వేయవచ్చు. ఒక ప్రోటాన్‌కీ ఒక ఎలక్ట్రాన్‌కీ మధ్య పరమాణువంత దూరం, అంటే ఒక మీటరులో వెయ్యి కోట్లవ వంతు, ఉంటే వాటి మధ్య విద్యుత్ శక్తి 14.4 ఎలక్ట్రాన్ వోల్టులు. రసాయన చర్యలన్నీ ఈ స్థాయిలోనే ఆడతాయి. పాత బంధాలు తెంచడానికి కొంత ఖర్చై, కొత్త బంధాలతో కొంత వచ్చి, చివరికి బొగ్గులో మిగిలేది ఆ 4.

ఇప్పుడు అదే విద్యుత్ బలాన్ని తీసుకుని రెండు మార్పులు చేయండి.

మొదటిది దూరం. యురేనియం రెండుగా తెగే క్షణంలో ముక్కల కేంద్రాల మధ్య దూరం పరమాణువు సైజులో సుమారు 5900వ వంతు. దూరం ఎన్ని రెట్లు తగ్గితే ఈ శక్తి అన్ని రెట్లు పెరుగుతుంది. 14.4 ని 5900 తో గుణిస్తే సుమారు 85 వేల ఎలక్ట్రాన్ వోల్టులు.

రెండోది ఆవేశం. ఇక్కడ ఉన్నది ఒకటికి ఒకటి కాదు. బేరియంలో 56 ప్రోటాన్లు, రెండో ముక్క క్రిప్టాన్‌లో 36. ఇటు ప్రతి ప్రోటాన్ అటు ప్రతి ప్రోటాన్‌ని తోస్తుంది. 56 ని 36 తో గుణిస్తే 2016 జతలు. 85 వేలని 2016 తో గుణిస్తే సుమారు 17 కోట్లు, అంటే 170 ఎం.ఇ.వి. ప్రయోగాల్లో ముక్కలు ఎగిరిపోయే వేగం కొలిస్తే వచ్చేది కూడా సుమారు 168. మిగతా 30 పైచిలుకు ఎం.ఇ.వి. న్యూట్రాన్లు, గామా కిరణాలు, ఆ తర్వాత జరిగే క్షయం వగైరాల్లో పోతుంది.

అంటే విచ్ఛిత్తిలో మనకి అందే శక్తిలో ఎక్కువ భాగం మామూలు విద్యుత్ వికర్షణే. దువ్వెన కాగితం ముక్కని లాగే బలానికి తోబుట్టువే అది. అంతకాలం ఆ ప్రోటాన్లని విడిపోకుండా పట్టి ఉంచింది మాత్రం ఇంకో బలం, బలమైన కేంద్రక బలం. అది చాలా గట్టిది, కానీ చేతికి అందేంత దూరం వరకే పనిచేస్తుంది. పక్కనున్న వాళ్ల చేతులు మాత్రమే పట్టుకోగలిగిన గుంపులాంటిది కేంద్రకం. తోపు మాత్రం గుంపు మొత్తం నుంచి వస్తుంది. గుంపు చిన్నగా ఉన్నప్పుడు కొత్త మనిషి చేరితే పట్టుకునే చేతులు పెరుగుతాయి, పట్టు బిగుస్తుంది. సంలీనంలో వచ్చే శక్తి ఈ పట్టుది. గుంపు మరీ పెద్దదైతే పట్టు పెరగదు, తోపు పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండూ సరితూగే చోటే ఇనుము ప్రాంతం. చెరువుకి తూము అక్కడే ఎందుకు ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

"ద్రవ్యం శక్తిగా మారడం" గురించి ఒక జాగ్రత్త

`E = mc²` అణుశక్తికే సొంతం అని చాలామంది అనుకుంటారు. బొగ్గు కాలినప్పుడు కూడా బరువు తగ్గుతుంది. 12 గ్రాముల కార్బన్ కాలితే పోయేది ఒక గ్రాములో సుమారు 20 కోట్లవ వంతు. మొత్తం కార్బన్, ఆక్సిజన్ బరువుతో పోలిస్తే వెయ్యి కోట్లలో ఒక వంతు, ఏ త్రాసుకీ అందదు. విచ్ఛిత్తిలో వెయ్యిలో ఒక వంతుకి కాస్త తక్కువ పోతుంది. డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే వెయ్యిలో సుమారు నాలుగు వంతులు. అంటే శక్తి ఎందుకు వచ్చింది అన్నదానికి ఈ సూత్రం కారణం చెప్పదు, ఎంత వచ్చిందో లెక్క మాత్రమే చెబుతుంది. కారణం బలాల్లో ఉంది. ఇంకో మాట, విచ్ఛిత్తిలో ఏ ప్రోటానూ, ఏ న్యూట్రానూ మాయమైపోదు. పగలకముందు ఎన్ని ఉన్నాయో ముక్కల్లోనూ బయటికి వచ్చిన న్యూట్రాన్లలోనూ కలిపి అన్నే ఉంటాయి.

5 కోట్లు చేతికి వచ్చేసరికి ఎంతవుతుంది

పరమాణువు లెక్క నిజమే అయినా, దాన్ని పట్టుకుని "ఒక కిలో యురేనియం ఐదు కోట్ల కిలోల బొగ్గుతో సమానం" అని రాసేవాళ్లని చూశాను. అది తప్పు. మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన బండిల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 220 మెగావాట్ల భారజల రియాక్టర్లకి వాడేది ఇది. అర మీటరు పొడవు, 19 సన్న గొట్టాల కట్ట. గొట్టాల్లో యురేనియం డయాక్సైడ్ బిళ్లలు ఉంటాయి. బండిల్ మొత్తంలో యురేనియం సుమారు 13 కిలోలు. ఒక మనిషి ఎత్తగలిగేంత వస్తువు.

ముందు బరువు తేడా. యురేనియం పరమాణువు కార్బన్‌కంటే సుమారు 20 రెట్లు బరువు. కాబట్టి కిలోకి కిలో పెడితే 5 కోట్లు కాస్తా 25 లక్షలవుతుంది. బొగ్గులో బూడిద, తేమ కూడా ఉంటాయి. కిలోకి 4000 కిలోకేలరీలు ఇచ్చే బొగ్గు అనుకుంటే, శుద్ధ కార్బన్‌లో సగమే వేడి, కాబట్టి తేడా మళ్లీ 50 లక్షల దగ్గరికి పెరుగుతుంది.

కానీ ఆ 13 కిలోలూ పగలవు. గనిలోంచి వచ్చిన సహజ యురేనియంలో సులువుగా పగిలే 235 రకం 0.7 శాతమే. మిగతాదంతా 238. రియాక్టర్‌లో ఏడాదికి పైగా ఉన్నాక, ఒక టన్ను యురేనియం నుంచి సుమారు 7000 మెగావాట్-రోజుల వేడి రాబట్టి బండిల్‌ని బయటికి తీస్తారు. 13 కిలోలకి అది సుమారు 90 మెగావాట్-రోజులు. ఒక గ్రాము విచ్ఛిత్తి అయితే సుమారు ఒక మెగావాట్-రోజు వస్తుందని గుర్తుపెట్టుకుంటే, ఆ బండిల్‌లో నిజంగా పగిలింది 100 గ్రాముల లోపే అని తెలుస్తుంది. అందులోనూ మంచి వాటా 238 రకం న్యూట్రాన్‌ని మింగి ప్లుటోనియంగా మారాక పగిలినది.

90 మెగావాట్-రోజుల వేడి నేను చెప్పిన బొగ్గు నుంచి రావాలంటే సుమారు 470 టన్నులు కాల్చాలి. గూడ్సు బండి వ్యాగన్ ఒకటి 60 టన్నులు మోస్తుందనుకుంటే ఎనిమిది వ్యాగన్లు. ఇంధనంలోని కిలో యురేనియానికి సుమారు 36 వేల కిలోల బొగ్గు అన్నమాట. ఇది 5 కోట్లూ కాదు, 50 లక్షలూ కాదు, కానీ ఒక మనిషి మోసే కట్టకి ఎనిమిది వ్యాగన్లు! సింగరేణి సైడింగ్ పక్కన పెరిగిన పిల్లలకి ఈ పోలిక ఇట్టే అర్థమయ్యేది. పట్టాల మీద ఆగి ఉన్న వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ ఇంటికి వెళ్లేవాళ్లు.

శక్తి అంత ఉంటే అది వాటంతటవే ఎందుకు రాదు

చెరువు పోలికలో నేను చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. కిందికి జారే ముందు దాటాల్సిన గట్టు ఉంటుంది. బొగ్గుని ఆ గట్టు దాటించడానికి అగ్గిపుల్ల చాలు. కేంద్రకాల గట్టు వేరు.

యురేనియం చీలాలంటే ముందు సాగాలి, సాగడానికి సుమారు 6 ఎం.ఇ.వి. కావాలి. 235 రకం కేంద్రకంలోకి ఒక న్యూట్రాన్ చేరితే, ఆ చేరికతోనే 6.5 విడుదలవుతుంది. గట్టు దాటడానికి చాలు. న్యూట్రాన్‌కి వేగం అక్కర్లేదు, ఎందుకంటే దానికి ఆవేశం లేదు, కేంద్రకం దాన్ని తోయదు, మెల్లగా వచ్చినా లోపలికి పోతుంది. 238 రకంలో అదే చేరికకి 4.8 మాత్రమే వస్తుంది. గట్టు దాటదు. ఈ చిన్న తేడా వల్లే మొత్తం అణు పరిశ్రమ ఆ 0.7 శాతం చుట్టూ తిరుగుతుంది. చీలినప్పుడు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు వస్తాయి, అవే తర్వాతి వాటిని చీలుస్తాయి, దీన్నే శృంఖల చర్య అంటారు. ఆ న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి భారజలం వాడతారు. మణుగూరులో తయారయ్యేది అదే. ఆ భారజలంలో ఉండేది డ్యుటీరియం, అంటే సంలీనానికి కావలసిన రెండు సరుకుల్లో ఒకటి.

సంలీనానికి న్యూట్రాన్ లాంటి దొడ్డిదారి లేదు. డ్యుటీరియం, ట్రిటియం రెండింటికీ ధనావేశమే, దగ్గరికి వస్తే తోసుకుంటాయి. పట్టు బలం అందుకునేంత దగ్గరికి రావాలంటే విపరీతమైన వేగం కావాలి. వేగం అంటే ఉష్ణోగ్రత. భూమి మీద దానికి పది కోట్ల డిగ్రీల పైమాటే కావాలి. సూర్యుడి మధ్యలో ఉన్నది ఒకటిన్నర కోట్ల డిగ్రీలే, అక్కడ సంలీనం కూడా చాలా నెమ్మది. సూర్యుడి నడిబొడ్డులో కూడా ఒక ఘనపు మీటరుకి పుట్టేది 300 వాట్ల లోపే. సూర్యుడు అంత వేడి ఇస్తున్నది అంత పెద్దగా ఉండటం వల్ల. పరమాణువుకి ఎంత శక్తి అన్నది ఒకటి, క్షణానికి ఎన్ని పరమాణువులు అన్నది వేరొకటి.

2022 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో లేజర్లతో మిరియపు గింజంత గుళికని నొక్కి సంలీనం చేశారు. లోపలికి పంపిన లేజర్ శక్తి 2.05 మెగాజౌల్స్, వచ్చింది 3.15. ఇంట్లో మీటరు భాషలో చెప్పాలంటే వచ్చింది ఒక యూనిట్ కరెంటుకి కాస్త తక్కువ. నిజంగా కలిసిన ఇంధనం ఒక గ్రాములో లక్షవ వంతు లోపే, కాబట్టి పరమాణువు లెక్క అక్కడా అచ్చంగా కుదిరింది. కానీ ఆ లేజర్లు వెలగడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌల్స్, అంటే 80 యూనిట్ల పైన. ఆ వార్త చదివి "ఇక కరెంటు ఫ్రీ" అని నాకు మెసేజ్ పెట్టిన పాత విద్యార్థులకి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి పంపాను.

ఆపితే ఆగుతుందా

ఇది మీరు అడగలేదు, కానీ పైన చెప్పిన 200 ఎం.ఇ.వి. లెక్కలోంచే వస్తుంది కాబట్టి చెబుతాను. గ్యాస్ స్టవ్ కట్టేస్తే మంట ఆ క్షణమే పోతుంది. యురేనియం విషయంలో అలా కుదరదు. చీలిన ముక్కల్లో న్యూట్రాన్లు అవసరానికి మించి ఉంటాయి, అవి స్థిరంగా ఉండలేవు. బీటా, గామా కిరణాలు వదులుతూ సెకన్లలో కొన్ని, రోజుల్లో కొన్ని, ఏళ్లలో కొన్ని నెమ్మదిస్తాయి. 200లో సుమారు 13 ఎం.ఇ.వి. ఇలా ఆలస్యంగా వచ్చే వేడి. అంటే శృంఖల చర్య పూర్తిగా ఆపేసిన క్షణంలో కూడా రియాక్టర్ తన మామూలు వేడిలో 6 శాతానికి పైగా ఇస్తూనే ఉంటుంది. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 750 మెగావాట్లు, దానిలో 6 శాతం అంటే 45 మెగావాట్లు. గంట తర్వాత ఒకటిన్నర శాతం దగ్గరికి, ఒక రోజుకి అర శాతం దగ్గరికి తగ్గుతుంది గానీ, నీళ్లు ఆగకూడదు.

2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగింది అదే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు అనుకున్నట్టే ఆగిపోయాయి, విచ్ఛిత్తి ఆగింది. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లని ముంచేసింది, చల్లబరిచే దారి పోయింది. ఆ మిగిలిన కొద్ది శాతం వేడే మూడు రియాక్టర్ల ఇంధనాన్ని కరిగించింది. "ఆపేసిన రియాక్టర్ ఎలా కరిగింది" అని అప్పట్లో టీవీ చూసి చాలామంది నన్ను అడిగారు. జవాబు ఆ 13 లో ఉంది.

సంలీనంలో మిగిలే బూడిద హీలియం, అది స్థిరమైనది, ఆలస్యపు వేడి ఇవ్వదు. కానీ 17.6లో 14.1 ఎం.ఇ.వి. న్యూట్రాన్ పట్టుకుపోతుంది. దానికి ఆవేశం లేదు కాబట్టి ఏ అయస్కాంతమూ దాన్ని ఆపలేదు, నేరుగా గోడలోకి దూరిపోతుంది. ఉక్కులోని పరమాణువులని చోటు తప్పిస్తుంది, కొన్నిటిని రేడియోధార్మికంగా మారుస్తుంది. రియాక్టర్ నిజంగా ఏళ్ల తరబడి నడవాలంటే ఆ దెబ్బ తట్టుకునే గోడ కావాలి, ఇప్పుడు సంలీనం మీద పనిచేసేవాళ్లకి ప్లాస్మా, అంటే ఆ కోట్ల డిగ్రీల ఇంధనం, తర్వాత అంతటి తలనొప్పి ఆ గోడే.